అలైన్‌మెంట్ తర్వాత వెలిగే పసుపు లైట్

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క లైట్ గురించి మాట్లాడతాను. డ్యాష్‌బోర్డ్ మీద కారు బొమ్మ, దాని వెనక మెలికలు తిరిగిన రెండు గీతలు. మీరంతా చూసే ఉంటారు. అది స్టెబిలిటీ కంట్రోల్ లైట్. తడి రోడ్డు మీద కారు జారినప్పుడు అది టకటకా కొట్టుకుంటే ఆ వ్యవస్థ పని చేస్తోందని అర్థం. ఆరకుండా అలాగే వెలుగుతూ ఉంటే, మీరు స్విచ్‌తో ఆపకపోయినా అది పని మానేసిందని అర్థం. బ్రేకులు మామూలుగానే పడతాయి. కానీ మలుపులో కారు అదుపు తప్పితే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి దారిలోకి తెచ్చే సాయం ఉండదు.

కొన్నేళ్ల కిందట నేను అలైన్‌మెంట్ చేసిన ఒక చిన్న కారు గురించి చెప్తాను. ముందు టైర్లు రెండూ లోపలి అంచున అరిగిపోయాయి. కారు నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ మాత్రం కుడికి వాలి ఉండేది, సుమారు 8 డిగ్రీలు. చాలా నెలలుగా అలాగే నడుపుతున్నానని ఓనర్ చెప్పాడు. స్టీరింగ్‌ను సరిగ్గా మధ్యలో బిగించి, టై రాడ్లు తిప్పి టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిచేశాను. మెషిన్ మీద అంకెలన్నీ ఆకుపచ్చగా వచ్చాయి. ఒక చుట్టు తిరిగి చూశాను, స్టీరింగ్ నిటారుగా ఉంది. కారు ఇచ్చి పంపాను. ఇరవై నిమిషాల్లో ఫోన్. "హైవే ఎక్కాక పసుపు లైట్ వెలిగిందండీ. రాకముందు ఇది లేదు. అలైన్‌మెంట్‌లో ఏదో పాడుచేశారు" అన్నాడు.

ఆయన కోపంలో న్యాయం ఉంది. నేను పాడు చేసింది ఏమీ లేదు, కానీ పని సగంలోనే వదిలేశాను.

స్టీరింగ్ చక్రం వెనక, ఆ కడ్డీ మీదే, ఒక సెన్సర్ ఉంటుంది. కొన్ని కార్లలో అది పవర్ స్టీరింగ్ యూనిట్‌లోనే ఉంటుంది. స్టీరింగ్ ఎటు, ఎంత తిరిగిందో, ఎంత వేగంగా తిరిగిందో అది చెబుతుంది. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఆ సెన్సర్‌కు కడ్డీ తప్ప మరేమీ తెలియదు. కింద టైర్లు ఎటు చూస్తున్నాయో దానికి కనబడదు. కడ్డీకీ టైర్లకీ మధ్య ఉన్న లంకె టై రాడ్లు. అలైన్‌మెంట్‌లో మనం తిప్పేది సరిగ్గా వాటినే.

ఇంకో సెన్సర్ కారు మధ్యలో ఉంటుంది. కారు నిజంగా ఎంత తిరుగుతోందో అది కొలుస్తుంది. స్టెబిలిటీ కంప్యూటర్ ఈ రెండింటినీ ప్రతి క్షణం పోల్చి చూస్తుంది. డ్రైవర్ అడిగింది ఒకటి, కారు చేస్తోంది ఒకటి అయితే జారుతోందని అనుకుంటుంది.

ఆ కారులో జరిగింది చూడండి. నెలల తరబడి నేరుగా వెళ్లినప్పుడల్లా సెన్సర్ 8 డిగ్రీలు కుడి అని చెబుతోంది. కారేమో తిరగడం లేదు. ఇలాంటి చిన్న తేడాను కొన్ని కార్ల కంప్యూటర్లు మెల్లగా నేర్చుకుంటాయి. ఇదీ అలాంటిదే. ‘ఈ కారుకు 8 కుడి అంటే నేరు’ అని రాసిపెట్టుకుంది. నేను అలైన్‌మెంట్ చేశాక నేరుగా వెళ్తుంటే సెన్సర్ సున్నా చెప్పింది. కంప్యూటర్ అందులోంచి పాత 8 తీసేసింది. దాని లెక్కలో ఇప్పుడు డ్రైవర్ స్టీరింగ్‌ను 8 డిగ్రీలు ఎడమకు పట్టుకుని ఉన్నాడు!

8 డిగ్రీలంటే ఎంత అనిపించవచ్చు. మోటుగా ఒక లెక్క వేద్దాం. స్టీరింగ్ 15 డిగ్రీలు తిరిగితే టైరు 1 డిగ్రీ తిరుగుతుందనుకోండి. అప్పుడు టైరు దగ్గర ఇది అర డిగ్రీ పైచిలుకు. ముందు, వెనక చక్రాల మధ్య 2.6 మీటర్లున్న కారు గంటకు 20 కిలోమీటర్ల వేగంలో దీనికి సెకనుకు సుమారు 1 డిగ్రీ చొప్పున తిరగాలి. 80 కిలోమీటర్ల వేగంలో అయితే సెకనుకు 4 డిగ్రీలకు పైనే. అంటే పది సెకన్లలో కారు ముఖం 40 డిగ్రీలకు పైనే పక్కకు మళ్లాలి. కానీ మధ్యలో ఉన్న సెన్సర్ అసలు తిరగడమే లేదంటోంది. కాసేపు చూసి, ఈ మాటలు పొసగడం లేదని కంప్యూటర్ తప్పుకుంటుంది, లైట్ వెలిగిస్తుంది. నా షాపు చుట్టూ ఉన్న నాలుగు వీధుల్లో తిరిగినప్పుడు లైట్ ఎందుకు రాలేదో, హైవే మీదే ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది కదా. తేడా అదే, వేగం దాన్ని పెద్దది చేసింది.

నిజానికి లైట్ వెలగడం మేలే. తేడా ఇంకా కొంచెం తక్కువై లైట్ రాకపోతే, మామూలు మలుపులో అక్కర్లేని చోట ఒక చక్రానికి బ్రేక్ పడి కారు చిన్నగా లాగినట్టు అనిపించవచ్చు. నన్నడిగితే అది లైట్ కంటే ప్రమాదం.

కారు తిరిగొచ్చాక దాని కంప్యూటర్‌లోని అంకెలు చదివే స్కానర్ పెట్టాను. ముందు చూసింది ఏబీఎస్ లైట్ కూడా ఉందా అని. అది కూడా వెలిగి ఉంటే చక్రం దగ్గర స్పీడ్ సెన్సర్ వైరు ఊడిందేమో చూడాలి, అది వేరే కథ. ఇక్కడ లేదు. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని లైవ్ డేటా తెరిస్తే స్టీరింగ్ కోణం దగ్గర 8.1 డిగ్రీలు ఎడమ అని ఉంది. స్టీరింగ్ నా కళ్ల ముందే తిన్నగా ఉంది. రివర్స్ గేర్ వేస్తే కెమెరా తెర మీద దారి గీతలు కూడా కాస్త పక్కకు వంగి ఉన్నాయి. కదిలే గీతలున్న కార్లలో ఇది స్కానర్ లేకుండా మీరే పట్టుకోగల గుర్తు.

అంకె కనబడగానే సున్నా చేసేయాలనిపిస్తుంది. ఆగండి. కొన్నిసార్లు తప్పు అంకెలో ఉండదు, అలైన్‌మెంట్‌లోనే ఉంటుంది. స్టీరింగ్ మధ్యలో బిగించకుండా టో సరిచేసినా, వెనక చక్రాలు కారును ఓరగా తోస్తున్నా, నేరుగా వెళ్లేటప్పుడు స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. అప్పుడు ఆ వంకర దగ్గరే సున్నా పెడితే లైట్ ఆరుతుంది, తప్పు మాత్రం లోపల దాక్కుంటుంది. అందుకే మొదట రోడ్డు మీద నడిపి స్టీరింగ్ నిజంగా నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే మళ్లీ మెషిన్ ఎక్కించాలి. సెన్సర్‌కు సున్నా పెట్టే కాలిబ్రేషన్ ఆ తర్వాతి మాట.

ఈ కారుకు రోడ్డు మీద స్టీరింగ్ తిన్నగానే ఉంది. టైర్లలో గాలి సరిచేసి, సమతలంగా ఉన్న చోట ఆపాను. బ్యాటరీకి ఛార్జర్ తగిలించాను. మధ్యలో వోల్టేజీ పడిపోతే కాలిబ్రేషన్ ఫెయిల్ కావచ్చు. స్టీరింగ్ మధ్యలో బిగించి, స్కానర్‌లో స్టీరింగ్ సెన్సర్ సున్నా పెట్టే ఆప్షన్ ఎంచుకున్నాను. అది నడుస్తున్నంతసేపు కారును ఎవరూ ముట్టుకోలేదు, తలుపు కూడా వేయలేదు. ఎందుకంటే కారు తిరుగుడును కొలిచే సెన్సర్‌కు కూడా కొన్ని కార్లలో అప్పుడే సున్నా పడుతుంది, ఊగితే తప్పు పడుతుంది. తర్వాత కంప్యూటర్‌లో పడిన ఎర్రర్ కోడ్‌లు చెరిపి, ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేశాను. అన్ని కార్లకూ ఇదే పద్ధతి కాదు. కొన్నింటిలో స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, కాస్త దూరం నేరుగా నడిపితే చాలు. ఆ కారు మాన్యువల్ ఏం చెబితే అది చేయాలి.

తర్వాత స్టీరింగ్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూశాను. రెండు వైపులా అంకెలు దాదాపు సమానంగా వచ్చాయి. ఒక వైపు బాగా తక్కువ వచ్చి ఉంటే సున్నా తప్పు చోట పడినట్టే. ఆఖరున ఓనర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అదే హైవే మీద 80లో నడిపాను. స్కానర్ ఆయన చేతికే ఇచ్చాను. అంకె సున్నాకూ అర డిగ్రీకీ మధ్య ఆడుతూ ఉంది. లైట్ రాలేదు.

అప్పటి నుంచి నేను ఇచ్చే అలైన్‌మెంట్ రిపోర్ట్ మీద టో, క్యాంబర్ అంకెల కింద చేత్తో ఇంకో అంకె రాస్తున్నాను: నేరుగా నిలబెట్టినప్పుడు స్టీరింగ్ సెన్సర్ చూపించిన కోణం.