పీసీఓఎస్ అనుకున్నది అడ్రినల్ సమస్య కావచ్చు: ఉదయం 8 గంటల రక్తపరీక్ష

[తెరపై: అల్ట్రాసౌండ్ రిపోర్ట్]

ఒక ఉదాహరణ చూద్దాం. 22 ఏళ్ల అమ్మాయి. నెలసరి ఒకసారి 40 రోజులకు వస్తే, ఇంకోసారి రెండు నెలలు దాటుతోంది. గడ్డం కింద వెంట్రుకలు ముదురుగా, గరుకుగా పెరుగుతున్నాయి. స్కాన్‌లో అండాశయాల నిండా చిన్న నీటిబుడగలు. ఇంకేముంది, పీసీఓఎస్ అనేస్తాం. చాలామందిలో అది నిజమే. కానీ మిగతా కారణాలు లేవని తేలాకే ఆ పేరు పెట్టాలి. స్కాన్ చూసి తేల్చలేం, అడ్రినల్ సమస్యలోనూ అండాశయాలు అచ్చం అలాగే కనిపించవచ్చు.

[తెరపై: కిడ్నీల మీద అడ్రినల్ గ్రంథులు]

ఈ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేయాలంటే 21-హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ కావాలి. కొందరిలో అది పుట్టుకతోనే మందకొడిగా పనిచేస్తుంది. అప్పుడు 17-ఓహెచ్‌పీ అనే ముడిసరుకు ముందుకు కదలక పేరుకుపోయి, పురుష హార్మోన్ల వైపు మళ్లుతుంది. దీన్ని నాన్ క్లాసిక్ సీఏహెచ్ అంటారు.

పట్టుకోవడానికి ఆ 17-ఓహెచ్‌పీనే రక్తంలో కొలుస్తారు. అయితే ఎప్పుడు కొలిచారన్నదే అసలు సంగతి. మన అమ్మాయి నెలసరి వచ్చిన మూడో వారంలో, సాయంత్రం రక్తం ఇచ్చింది. డెసిలీటరుకు 310 నానోగ్రాములు వచ్చింది, టెన్షన్ మొదలైంది. నిజానికి ఆ అంకెతో ఏమీ చెప్పలేం. అండం విడుదలయ్యాక అండాశయమే ఈ హార్మోన్‌ను తయారుచేస్తుంది. సాయంత్రానికి అడ్రినల్ పని మందగిస్తుంది కాబట్టి అసలు సమస్య దాక్కోనూ వచ్చు.

అందుకే నెలసరి మూడో రోజున, ఉదయం 8 గంటలకు మళ్లీ తీశారు. ఈసారి 260. డెసిలీటరుకు 200 నానోగ్రాములలోపు ఉంటే ఈ జబ్బు ఉండే అవకాశం బాగా తక్కువ. ఈమెది దాటింది, కానీ తేల్చి చెప్పేంత కాదు.

[తెరపై: ఇంజెక్షన్, గడియారం]

ఇక ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ పరీక్ష. అడ్రినల్‌ను పనిచేయించే హార్మోన్ ఏసీటీహెచ్. దాని కృత్రిమ రూపాన్ని 250 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా ఇచ్చి, సరిగ్గా గంటకు రక్తం తీస్తారు. గ్రంథిని గట్టిగా పనిచేయమంటే ఎంజైమ్ లోపం బయటపడుతుంది. ఈమెకు 1,620 వచ్చింది. 1,000 దాటితే సాధారణంగా నాన్ క్లాసిక్ సీఏహెచ్ అనే అంటారు. ల్యాబ్ పద్ధతిని బట్టి ఈ గీత కాస్త అటూ ఇటూ ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు, స్టెరాయిడ్లు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. అవి వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపేయకండి.

వెంట్రుకలు నెలల వ్యవధిలోనే విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోతే దారి వేరు. అప్పుడు అడ్రినల్‌లోనో అండాశయంలోనో గడ్డ ఉందేమో చూడటానికి వెంటనే టెస్టోస్టిరాన్, డీహెచ్ఈఏ-ఎస్ అనే హార్మోన్లు కొలవాలి. చర్మం తేలిగ్గా కమిలిపోతూ, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు వస్తే, కార్టిసాల్ అతిగా ఉండే కుషింగ్స్ జబ్బు ఉందేమో చూస్తారు. రాత్రి 11కి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ మాత్ర వేసుకుంటే, ఉదయానికి కార్టిసాల్ బాగా తగ్గాలి. తగ్గలేదంటే అనుమానమే.

మన అమ్మాయికి ఇంకో పరీక్ష మిగిలింది. గర్భం ప్లాన్ చేసేముందు ఆమెకూ భర్తకూ ఆ ఎంజైమ్‌కు సంబంధించిన సీవైపీ21ఏ2 జన్యువు పరీక్ష చేయించాలి. ఇద్దరి దగ్గరా ఆ జన్యువు తీవ్రమైన లోపంతో ఒక్కో కాపీ ఉంటే, బిడ్డకు ఈ జబ్బులో తీవ్ర రూపమైన క్లాసిక్ సీఏహెచ్ రావచ్చు.