నిర్వచనం, సాధించిన ఉదాహరణ, మీరే చూసుకోండి: కోర్సంతా నిలిచే మూడు స్లయిడ్లు

నమస్కారం. విశ్వవిద్యాలయ కోర్సుకు స్లయిడ్లు తయారు చేసేటప్పుడు మొదట నిర్ణయించవలసినది, కోర్సు మొదటి వారం నుంచి చివరి వారం వరకు మారకుండా వచ్చే స్లయిడ్లు ఏవి, వాటిలో ఏది ఎక్కడ ఉంటుంది అన్న సంగతి అని నా అభిప్రాయం. ఈ వీడియోలో అటువంటి మూడు స్లయిడ్ల గురించి మాట్లాడతాను. అవి నిర్వచనం, సాధించిన ఉదాహరణ, మీరే చూసుకోండి. లీనియర్ ఆల్జీబ్రా కోర్సులో విద్యార్థులు ఎక్కువగా తడబడే లీనియర్ ఇండిపెండెన్స్, అంటే వెక్టర్ల స్వతంత్రత అనే ఒక్క భావనను తీసుకుని, దాని కోసం ఈ మూడింటినీ ఎలా కట్టాలో చూద్దాం.

ముందు నిర్వచనం స్లయిడ్. తెరపై చూడండి. శీర్షికలో "నిర్వచనం 4.2" అని ఉంది, అంటే నాలుగవ ఉపన్యాసంలోని రెండవ నిర్వచనం. దాని కింద నిర్వచన వాక్యం ఇలా ఉంది: v₁, v₂, …, vₙ అనే వెక్టర్లకు c₁v₁ + c₂v₂ + … + cₙvₙ = 0 అనే సమీకరణం గుణకాలన్నీ సున్నా అయినప్పుడు మాత్రమే నిజమైతే, ఆ వెక్టర్లను స్వతంత్ర వెక్టర్లు అంటాము. వాక్యం కింది భాగంలో రెండు గడులు ఉన్నాయి. ఎడమ గడిలో నిర్వచనానికి సరిపోయే ఉదాహరణ, కుడి గడిలో సరిపోని ఉదాహరణ ఉంటాయి. ఈ స్లయిడ్ మీద ఇంకేమీ ఉండదు. ఈ భావన ఎందుకు అవసరమైందో ముందు స్లయిడ్‌లో చెప్పవచ్చు, దాని నుంచి వచ్చే ఫలితాలను తరువాతి స్లయిడ్లలో చెప్పవచ్చు.

కుడి గడిలో ఏమి పెట్టాలన్నది బాగా ఆలోచించవలసిన విషయం. చాలామంది అక్కడ (1, 2), (2, 4) అనే జంటను పెడతారు. రెండవది మొదటిదానికి రెట్టింపు అని చూడగానే తెలుస్తుంది కాబట్టి ఆ ఉదాహరణ తప్పేమీ కాదు, కానీ అది విద్యార్థి మనసులో ఒక పొరపాటు అభిప్రాయాన్ని నాటుతుంది: ఏ వెక్టరూ మరొకదానికి గుణిజం కాకపోతే చాలు, అవి స్వతంత్రమే అని. అందుచేత (1, 0, 1), (0, 1, 1), (1, 1, 2) అనే మూడింటిని పెట్టడం మేలు. వీటిలో ఏ రెండూ ఒకదానికొకటి గుణిజాలు కావు, అయినా మూడవది మొదటి రెండింటి మొత్తం, కాబట్టి ఇవి స్వతంత్రం కావు. సరిపోని ఉదాహరణ నిర్వచనానికి వీలైనంత దగ్గరగా వచ్చి చివరి క్షణంలో తప్పిపోవాలి. అప్పుడే నిర్వచనంలోని ఏ మాట వల్ల అది తప్పిపోయిందో విద్యార్థి వెతుకుతాడు.

ఇక వాక్యం విషయం. నాలుగవ ఉపన్యాసంలో రాసిన నిర్వచనాన్ని తొమ్మిదవ ఉపన్యాసంలో గుర్తు చేయవలసి వచ్చినప్పుడు అవే మాటలతో, అదే సంఖ్యతో, అదే అమరికలో చూపాలి. ఒకచోట గుణకాల ద్వారా, మరొకచోట "ఏ వెక్టరూ మిగిలినవాటి నుంచి రాదు" అని, ఇంకొకచోట మాత్రిక ర్యాంకు ద్వారా చెబితే, ఇవి మూడూ ఒకే విషయమని బోధించేవారికి తెలుసు గాని వినేవారికి మూడు వేర్వేరు నిర్వచనాలుగా కనిపిస్తాయి. ఒకదాన్ని నిర్వచనంగా ఎంచుకుని, మిగిలిన రెండింటిని దానితో సమానమైన సిద్ధాంతాలుగా నిరూపించి చూపడమే సరైన పద్ధతి.

రెండవది సాధించిన ఉదాహరణ. జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ 1985లో బీజగణితం నేర్చుకునేవారి మీద ప్రచురించిన పరిశోధనలో, సాధించి చూపిన లెక్కలను అధ్యయనం చేసినవారు, అవే లెక్కలను సొంతంగా సాధించడంతోనే గడిపినవారి కంటే తక్కువ సమయంలో నేర్చుకుని, అదే తరహా కొత్త లెక్కలను తక్కువ తప్పులతో చేశారని తేలింది. అయితే స్లయిడ్ మీద లెక్క ఉన్నంత మాత్రాన ఆ ప్రయోజనం రాదు. మెట్టు ఒకచోట, దాని కారణం మరొకచోట ఉంటే, చూసేవారి శ్రద్ధ రెండింటినీ జతపరచడానికే ఖర్చవుతుంది. కాబట్టి ప్రతి మెట్టుకూ ఎదురుగా అదే వరుసలో దాని కారణం ఉండాలి.

ఉదాహరణను సాధిద్దాం. (1, 2, 3), (0, 1, 4), (2, 3, 2) స్వతంత్రమా అన్నది ప్రశ్న. మొదటి మెట్టులో వీటి గుణకాలను a, b, c అనుకుని మొత్తాన్ని సున్నాకు సమానం చేస్తాము, కారణం గడిలో "నిర్వచనం 4.2" అని రాస్తాము. రెండవ మెట్టులో అది మూడు సమీకరణాలుగా విడిపోతుంది:

a + 2c = 0
2a + b + 3c = 0
3a + 4b + 2c = 0

మూడవ మెట్టులో మొదటి సమీకరణం నుంచి a = −2c, దానిని రెండవ సమీకరణంలో పెడితే b = c వస్తాయి. నాలుగవ మెట్టులో ఈ రెండింటినీ మూడవ సమీకరణంలో పెడితే −6c + 4c + 2c, అంటే సున్నా వస్తుంది. c విలువ ఏదైనా సమీకరణం నిలుస్తుంది. ఐదవ మెట్టు తీర్పు: c = 1 తీసుకుంటే a = −2, b = 1, అంటే సున్నా కాని గుణకాలు దొరికాయి, కాబట్టి ఈ వెక్టర్లు స్వతంత్రం కావు.

ఇక్కడే రెండవ ఉదాహరణను కూడా సిద్ధం చేసుకోవాలి. మూడవ వెక్టర్‌లోని చివరి అంకెను 2 నుంచి 1కి మార్చండి, అంతే. రెండవ మెట్టులో మూడవ సమీకరణం 3a + 4b + c = 0 అవుతుంది, మూడవ మెట్టు మాత్రం మారదు. నాలుగవ మెట్టులో −6c + 4c + c, అంటే −c = 0 అవుతుంది, కాబట్టి c సున్నా, దానితోపాటు a, b కూడా సున్నాలే. ఈ వెక్టర్లు స్వతంత్రం. ఈ స్లయిడ్‌లో నాలుగవ, ఐదవ మెట్ల గడులను ఖాళీగా వదిలి, విద్యార్థుల చేత పూరింపజేయాలి. ఒక్క అంకె మార్పుతో తీర్పు ఎక్కడ తిరిగిపోయిందో వారికి తమ చేతి రాతలోనే కనిపిస్తుంది. తరువాతి వారంలో వచ్చే ఉదాహరణలో మూడవ గడి కూడా ఖాళీ అవుతుంది. ఇలా చివరి నుంచి మొదటికి మెట్లను తగ్గిస్తూ పోవాలి. పద్ధతి వచ్చేసిన విద్యార్థికి ఐదు మెట్లూ పూర్తిగా రాసి చూపించడం ఉపయోగపడదు, పైగా అతని శ్రద్ధను వృథా చేస్తుంది. ఈ తగ్గింపును ఏ వారంలో ఎంత అన్నది కోర్సు మొదలు కాకముందే రాసి పెట్టుకోకపోతే, సెమిస్టర్ మధ్యలో తొందర వల్ల ఉదాహరణలన్నీ మళ్లీ పూర్తి లెక్కలుగానే తయారవుతాయి.

మూడవది మీరే చూసుకోండి. ఈ స్లయిడ్‌లో ఒకే ప్రశ్న ఉంటుంది, ప్రతి తప్పు జవాబు వెనుకా ఒక నిజమైన అపోహ ఉంటుంది. మన భావనకు ప్రశ్న ఇది: "మూడు వెక్టర్లలో ఏదీ సున్నా వెక్టర్ కాదు, ఏ రెండూ ఒకదానికొకటి గుణిజాలు కావు. అవి స్వతంత్రమేనా?" జవాబులు మూడు: తప్పకుండా అవును, తప్పకుండా కాదు, ఇంతమాత్రాన చెప్పలేము. మొదటి జవాబు ఎంచుకున్నవారు వెక్టర్లను రెండేసి చొప్పున పోల్చి చూస్తున్నారని వెంటనే అర్థమవుతుంది. మూడవదే సరైనదని చూపడానికి కొత్తగా ఏమీ వెతకనక్కరలేదు, ఎందుకంటే ఇప్పుడు సాధించిన రెండు ఉదాహరణలూ ఈ షరతులకు లోబడినవే, వాటి తీర్పులు మాత్రం వేరు.

ప్రశ్న చూపిన తరువాత మౌనంగా ఆలోచించుకునే సమయం ఇవ్వాలి, ఆపైన అందరూ ఒకేసారి జవాబు చూపాలి. హార్వర్డ్ భౌతిక శాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన పద్ధతిలో, సరైన జవాబు చెప్పినవారు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడు పక్కవారితో చర్చించి మళ్లీ జవాబు చెప్పమంటారు. అంతకంటే తక్కువ ఉంటే చర్చ ముందుకు సాగదు, నిర్వచనం స్లయిడ్‌కు వెనక్కి వెళ్లి మళ్లీ వివరించాలి. అంతకంటే ఎక్కువ ఉంటే క్లుప్తంగా కారణం చెప్పి ముందుకు సాగవచ్చు.

జవాబును మాత్రం ఎప్పుడూ వేరే స్లయిడ్‌లోనే పెట్టండి. ప్రశ్న ఉన్న స్లయిడ్‌లోనే యానిమేషన్‌తో జవాబు తెప్పిస్తే తరగతిలో బాగానే ఉంటుంది, కానీ ఆ ఫైలును పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ప్రశ్న, జవాబు ఒకే పేజీలో కనిపిస్తాయి. లేటెక్‌తో స్లయిడ్లు చేసే బీమర్‌లో `handout` ఐచ్ఛికం వాడినా ఇదే జరుగుతుంది. ఇంటి దగ్గర చదువుకునే విద్యార్థి కన్ను జవాబు మీదికే ముందు వెళుతుంది, అప్పుడు అది స్వయంపరీక్ష కాకుండా పోతుంది.

ఈ మూడు స్లయిడ్ల రూపాన్ని ప్రతిసారీ పాత ఫైలు నుంచి కాపీ చేయకుండా, పవర్‌పాయింట్‌లో `View` కింద ఉన్న `Slide Master`లో మూడు లేఅవుట్లుగా చేసి పెట్టుకోవాలి. కాపీ చేసిన స్లయిడ్లలో గడులు వారం వారం కొంచెం కొంచెం జరిగిపోతాయి. రకాన్ని తెలిపే గుర్తు రంగు ఒక్కటే కాకూడదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించనివారు ప్రతి పెద్ద తరగతిలోనూ ఉండే అవకాశం ఉంది, నలుపు తెలుపులో ముద్రిస్తే ఆ తేడా ఎవరికీ కనిపించదు. శీర్షికలోని మాట, గడుల స్థానం ఈ పని చేయాలి, రంగు వాటికి తోడుగా ఉండవచ్చు.

అన్ని పదాలకూ ఈ మూడు స్లయిడ్లు అవసరమా అంటే, కాదు. ఒక్క ఉపన్యాసంలో వచ్చి మళ్లీ కనిపించని పదానికి నోటిమాటగా అర్థం చెబితే చాలు. ప్రతి చిన్న పదానికీ నిర్వచనం గడి కడితే, ఏది కోర్సుకు ఆధారమో ఏది కాదో గుర్తించడానికి ఆ గడి పనికిరాకుండా పోతుంది.

ఆధారమైన భావనలకు మాత్రం మీరే చూసుకోండి స్లయిడ్ కొంత విరామం తరువాత మళ్లీ రావాలి. రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత జరిగిన పరీక్షలో ముందున్నారు, కానీ వారం తరువాత చూస్తే, చదివినదాన్ని గుర్తు తెచ్చుకుని రాసినవారే ముందున్నారు. మన కోర్సులో ఇందుకు అనువైన చోటు ఐగెన్ వెక్టర్ల ఉపన్యాసం. ఒక మాత్రికకు మూడు వేర్వేరు ఐగెన్ విలువలు ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఐగెన్ వెక్టర్ తీసుకున్నాము, ఆ మూడూ స్వతంత్రమేనా అని అక్కడ అడగాలి. నాలుగవ ఉపన్యాసంలో "ఇంతమాత్రాన చెప్పలేము" అన్నది సరైన జవాబు, ఇక్కడ "తప్పకుండా అవును" సరైనది. జవాబుల వరుస రెండు చోట్లా ఒకటే ఉంచండి. పాత జవాబును కంఠస్థం చేసినవారు మళ్లీ "చెప్పలేము" అనే అంటారు. అలా అన్నవారు ఎక్కువగా ఉంటే, ఐగెన్ విలువలు వేర్వేరుగా ఉండడమనే అదనపు సమాచారం వారికి పట్టలేదన్నమాట. జవాబు స్లయిడ్‌కు వెళ్లకముందే నిర్వచనం 4.2 స్లయిడ్‌ను ఉన్నది ఉన్నట్టుగా మళ్లీ తెరపైకి తెచ్చి, రుజువును అక్కడి నుంచే మొదలుపెట్టండి.