రజ్జు కలవాలా, కలవకూడదా? జాతకాల యాప్‌లో ఎర్ర లైన్ మీద రివ్యూ

నమస్తే అండీ, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈసారి రివ్యూ ఫోన్‌కీ కాదు, మిక్సీకీ కాదు. జాతకాలు కలిపే యాప్ ఇచ్చిన రిపోర్ట్‌లో ఒకే ఒక్క లైన్‌కి. యాప్ పేరు చెప్పను. మా మేనత్త మూడు రోజులు అన్నం సరిగా తినకపోవడానికి కారణం ఆ లైనే కాబట్టి, దాన్ని మాత్రం వదలను.

సంగతి ఇదీ. అత్త కూతురికి మద్రాసు నుంచి సంబంధం వచ్చింది. మన తెలుగువాళ్ళే, కానీ రెండు తరాలుగా అక్కడే ఉంటున్నారు. అమ్మాయిది శతభిషం, కుంభ రాశి. అబ్బాయిది రోహిణి, వృషభ రాశి. మన పంచాంగం లెక్క ప్రకారం చూస్తే బ్రహ్మాండం. 36 గుణాల్లో 18 దాటితే చాలంటారు కదా, ఇక్కడ రాశికి 7, గ్రహమైత్రికి 5, నాడికి 8 పూర్తిగా పడ్డాయి. ఈ మూడింటికే 20. అత్త అప్పుడే చీరల లెక్క మొదలుపెట్టింది. ఇంతలో అబ్బాయి వాళ్ళమ్మ ఫోన్ చేసి, "వదినా, రజ్జు పొరుత్తం చూపించారా?" అని అడిగింది. పొరుత్తం అంటే అరవంలో పొంతన.

అత్త వెంటనే యాప్ తెరిచింది. కింద ఎర్ర అక్షరాల్లో "రజ్జు: మ్యాచ్ కాలేదు, కంఠ రజ్జు" అని ఉంది. మ్యాచ్ కాలేదంటే ఇద్దరివీ వేరువేరు అనుకుంది. "ఏందిరా ఇది, ఒకరిది మెడ, ఒకరిది ఇంకేందో అంట" అని నాకు ఫోన్.

కాదండీ, అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మిగతా పొంతనల్లో కలిస్తే మంచిది, రజ్జులో కలిస్తేనే దోషం. రజ్జు లెక్కలో నక్షత్రాలను పాదం, నడుము, బొడ్డు, మెడ, తల అని ఐదు గుంపులుగా పంచుతారు. ఇద్దరి నక్షత్రాలూ ఒకే అవయవం గుంపులో పడితే భయపడతారు, వేరువేరు గుంపుల్లో ఉంటే పాసైనట్టు. రిపోర్ట్ రాసినవాళ్ళు "ఇద్దరిదీ ఒకే రజ్జు" అని ఒక్క మాట రాసుంటే మా ఇంట్లో సగం గొడవ తగ్గేది. ఈ లైన్‌కి నేను మార్కులు కోసింది మొదట ఇక్కడే.

ఏ నక్షత్రం ఏ గుంపో గుర్తు పెట్టుకోవడం చాలా సులువు. మనిషి పాదం నుంచి తలకు ఎక్కి దిగుతున్నట్టు అనుకోండి. అశ్విని పాదం, భరణి నడుము, కృత్తిక బొడ్డు, రోహిణి మెడ, మృగశిర తల. ఎక్కడం అయిపోయింది, ఇక దిగాలి. ఆరుద్ర మెడ, పునర్వసు బొడ్డు, పుష్యమి నడుము, ఆశ్లేష పాదం. 9 నక్షత్రాలు అయ్యాయి. మఖ నుంచి మళ్ళీ ఇదే వరస, మూల నుంచి ఇంకోసారి. మొత్తం 27. అందుకే తలకు మూడే నక్షత్రాలు పడతాయి: మృగశిర, చిత్త, ధనిష్ఠ. మిగతా నాలుగు చోట్లా ఆరేసి. ఎక్కేటప్పుడు వచ్చేవి ఆరోహణం, దిగేటప్పుడు వచ్చేవి అవరోహణం.

భయం ఎందుకంటే, ఒక్కో అవయవానికీ ఒక్కో ఫలం చెప్పారు. ఇద్దరిదీ పాదమైతే ఊళ్ళు పట్టుకుని తిరగడం, నడుమైతే దరిద్రం, బొడ్డయితే పిల్లలకు కష్టం, మెడ అయితే భార్యకు ప్రాణగండం, తల అయితే భర్తకు. రజ్జు అంటే తాడు. తాడు అనగానే పెద్దవాళ్ళ మనసు తాళి మీదకే పోతుంది. అందుకే తమిళ జ్యోతిష్యులు పది పొరుత్తాల్లో తొమ్మిది బాగున్నా ఇదొక్కటి పోతే వద్దనేస్తారు. మా అమ్మాయిది మెడ. అంటే గండం చెప్పింది మా పిల్లకే. అత్త అన్నం మానేసిందంటే మానదా మరి.

మన వైపు దీన్ని ఎందుకు పెద్దగా అడగరు? 36 గుణాలు వచ్చే మన అష్టకూటాల్లో రజ్జు లేదు. మన దగ్గర నక్షత్రాలను ఆద్య, మధ్య, అంత్య అని మూడు నాడులుగా పంచుతారు, మన టెన్షన్ అంతా ఇద్దరిదీ ఒకే నాడి అయ్యే ఏకనాడి మీదే. ఒక సాయంత్రం కూర్చుని రెండు పట్టికలూ పక్కపక్కన రాసుకుంటే నాకొక విషయం కనబడింది. తల రజ్జులో ఉన్న మూడు నక్షత్రాలూ, నడుము రజ్జులో ఉన్న ఆరూ మధ్య నాడివే. మధ్య నాడిలో ఉన్నవీ సరిగ్గా ఆ తొమ్మిదే. అంటే అందరూ ఎక్కువగా వణికిపోయే తల రజ్జు దోషం ఉన్న జంటకు మన లెక్కలో కూడా ఏకనాడి పడి, నాడికి సున్నా వస్తుంది. పేరు వేరైనా మనవాళ్ళూ దాన్ని పట్టుకుంటున్నట్టే. తప్పించుకునేవి పాదం, బొడ్డు, మెడ గుంపులే. వాటిలో సగం ఆద్య నాడి, సగం అంత్య నాడి. మా జంట అదే సందులో పడింది. శతభిషం ఆద్యం, రోహిణి అంత్యం, నాడికి 8కి 8, కానీ ఇద్దరిదీ మెడే.

ఇంకో లెక్క. నక్షత్రాలన్నీ సమానంగా వస్తాయనుకుని గుణిస్తే, ఏ ఇద్దరిని తీసుకున్నా ఒకే రజ్జు పడే అవకాశం నూటికి 21. ఐదు జంటల్లో ఒకటి. మన ఇళ్ళల్లో రజ్జు చూడకుండా జరిగిన పెళ్ళిళ్ళు ఎన్ని! మీ అమ్మానాన్నలవీ, అత్తమామలవీ నక్షత్రాలు తీసి చూడండి. నా మటుకు నాకు ఈ ఫలాల మీద నమ్మకం లేదు. కానీ అవతలివాళ్ళకు ఉన్నప్పుడు, వాళ్ళ లెక్కను వాళ్ళ పద్ధతిలోనే సరిగా చూడాలి కదా.

అత్తను తీసుకుని మూలాపేటలో ఒక సిద్ధాంతిగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన రెండు మాటలు చెప్పారు. రోహిణి ఆరోహణం, శతభిషం అవరోహణం కాబట్టి దోషం అంత గట్టిది కాదని కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. యాప్‌లో ఈ ఆరోహణం, అవరోహణం ఊసే లేదు, అక్కడ ఇంకో మార్కు పోయింది. రెండో మాటగా, "అదంతా తర్వాతమ్మా, అమ్మాయి పుట్టిన టైమ్ ఎవరు చెప్పారు?" అని అడిగారు.

చెప్పింది మా నాయనమ్మ. తెల్లవారుజామున ఐదున్నర అని. చంద్రుడు ఒక నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు, కాబట్టి అర గంట తేడా మామూలుగా ఏమీ చెయ్యదు. నక్షత్రం మారే వేళ అయితే మాత్రం రజ్జే మారిపోతుంది. ఆశ్లేష నుంచి మఖకు, జ్యేష్ఠ నుంచి మూలకు, రేవతి నుంచి అశ్వినికి మారినా అదే పాదం. మిగతా అన్ని చోట్లా మారుతుంది. ఆ రోజు శతభిషం 6 గంటల 10 నిమిషాల దాకా ఉంది. అత్త బీరువా అంతా తిరగేస్తే ఆస్పత్రి కార్డు దొరికింది. దాని మీద 6 గంటల 40 నిమిషాలు అని ఉంది. అంటే పూర్వాభాద్ర మొదటి పాదం. రాశి అదే కుంభం, నాడి అదే ఆద్యం, రజ్జు మాత్రం బొడ్డు. దోషం లేదు.

సంతోషపడి అత్త వెంటనే ఫోన్ చెయ్యబోతే ఆపాను. "నిన్న ఐదున్నర అన్నారు, రజ్జు పోయిందనగానే టైమ్ మార్చుకొచ్చారు" అనుకోరా వాళ్ళు? అందుకే ముందు కార్డు ఫోటో పంపించాం, లెక్క వాళ్ళ జ్యోతిష్యుడినే వేసుకోమన్నాం. మీరూ అలాగే చెయ్యండి. ఇంకోటి, పుట్టిన టైమ్ తెలియక పేరుబలంతో చూస్తే ఇద్దరికీ పేర్లతోనే చూడాలి. ఒకరికి జన్మ నక్షత్రం, ఒకరికి పేరు నక్షత్రం కలిపేస్తే వచ్చే రజ్జు ఎవరిదీ కాదు.

మద్రాసు వాళ్ళు వచ్చే శుక్రవారం పెళ్ళిచూపులకు వస్తున్నారు. యాప్‌లో మాత్రం ఇంకా పాత టైమే ఉంది. రోజూ పొద్దున్నే తెరిచి ఆ ఎర్ర లైన్ చూసి, "దీనికేం తెలుసులే" అని మూసేస్తోంది మా అత్త.