ఎల్‌సీడీకి మూడుసార్లు 3 ఎందుకు పంపాలి?

అందరికీ నమస్కారం. రాయగడ, గుణుపురం చుట్టుపక్కల మిల్లులకూ పంపు సెట్లకూ కంట్రోల్ బోర్డులు కట్టేవాళ్ళు, మరమ్మతు చేసేవాళ్ళు, పాలిటెక్నిక్ పిల్లలు ఇక్కడ చాలామందే ఉన్నారు. అందుకే ఇవాళ పదహారు అక్షరాలు, రెండు వరసల ఎల్‌సీడీ గురించి, అందులోనూ ఒక్క చిక్కు గురించే మాట్లాడతాను.

ఆ చిక్కు మీకు తెలిసిందే. బియ్యం మిల్లులో మోటారు ఆన్ చేయగానే డిస్‌ప్లే మీద పిచ్చి గుర్తులు పడతాయి. బోర్డు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. రీసెట్ బటన్ నొక్కినా తెర బాగుపడుతుందన్న నమ్మకం లేదు. మొత్తం కరెంటు తీసి మళ్ళీ ఇస్తే బాగుపడుతుంది. ఇలా కనిపిస్తే ఎల్‌సీడీ మార్చకండి. ప్రోగ్రాంలో ఇనిషియలైజేషన్ చూడండి.

అసలు జరిగేదేమిటంటే, మోటారు లాగే కరెంటుకి 5 వోల్టుల సప్లై ఒక్క క్షణం 4 వోల్టులకు పడుతుంది. అట్‌మెగా328పీలో బ్రౌన్-అవుట్ 4.3 వోల్టులకు పెట్టి ఉంటే మైక్రోకంట్రోలర్ రీసెట్ అయిపోతుంది. ఎల్‌సీడీ లోపలున్న హెచ్‌డీ44780 చిప్ అలా కాదు. సప్లై 0.2 వోల్టుల కిందికి దిగి, కనీసం 1 మిల్లీసెకను అక్కడే ఉండి, తిరిగి సరైన వేగంతో లేస్తేనే దాని సొంత రీసెట్‌ను నమ్మవచ్చు. అంటే మైక్రోకంట్రోలర్ మొదటి నుంచి మొదలుపెట్టింది, ఎల్‌సీడీ పాత స్థితిలోనే ఉండిపోయింది.

ఫోర్-బిట్ మోడ్‌లో డీ4 నుంచి డీ7 దాకా నాలుగు తీగలే వాడతాం. ఒక బైటును రెండు నిబుళ్ళుగా, పైసగం ముందు, కిందిసగం తరవాత పంపుతాం. ఇప్పుడు వచ్చినది పైసగమో కిందిసగమో ఎల్‌సీడీ తన లెక్క ప్రకారమే అనుకుంటుంది, మనం చెప్పే వీలు లేదు. కాబట్టి ప్రోగ్రాం మొదలయ్యేసరికి ఎల్‌సీడీ మూడు స్థితుల్లో ఏదో ఒక దానిలో ఉంటుంది. కొత్తగా కరెంటు వచ్చి ఎయిట్-బిట్‌లో ఉండవచ్చు. పాత ఫోర్-బిట్‌లోనే, పైసగం కోసం చూస్తూ ఉండవచ్చు. లేదా పైసగం అందుకుని కిందిసగం కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు.

చాలామంది మొదట ఒక్క 2 పంపి, వెంటనే 0x28, 0x0C, 0x01, 0x06 పంపేస్తారు. మొదటి స్థితిలో అది చక్కగా పనిచేస్తుంది, బల్ల మీద పరీక్షలో ఏ లోపమూ కనబడదు. రెండో స్థితిలో చూడండి. నిబుళ్ళు 2, 2, 8, 0, C, 0, 1, 0, 6 అని వరసగా వెళ్తాయి. ఎల్‌సీడీ వాటిని 0x22, 0x80, 0xC0, 0x10 అని జత కడుతుంది. 0x22 అంటే ఒకటే వరస. తెర తుడిచే 0x01 దానికి అందనే లేదు. చివరి 6 జత లేకుండా మిగిలిపోయి, తరవాత వచ్చేవన్నీ ఒక సగం పక్కకు జరుగుతాయి.

సరైన క్రమం ఇక్కడ రాశాను. ఆర్‌ఎస్ సున్నాలో ఉంచాలి, ఆర్‌డబ్ల్యూ గ్రౌండుకి కలిపి ఉంది. `nibble` నాలుగు బిట్లు పెట్టి ఎనేబుల్‌కి ఒక్క పల్సు ఇస్తుంది. `cmd` రెండు నిబుళ్ళు పంపి 60 మైక్రోసెకన్లు ఆగుతుంది.

```c
_delay_ms(50);
nibble(0x3); _delay_ms(5);
nibble(0x3); _delay_us(150);
nibble(0x3); _delay_us(150);
nibble(0x2); _delay_us(150);
cmd(0x28); cmd(0x08);
cmd(0x01); _delay_ms(3);
cmd(0x06); cmd(0x0C);
```

ఎయిట్-బిట్‌లో ఉంటే మూడు 3లూ "ఎయిట్-బిట్‌లో ఉండు" అన్న ఒకటే ఆదేశం. ఫోర్-బిట్‌లో పైసగం కోసం చూస్తుంటే మొదటి రెండూ కలిసి 0x33 అయి ఎయిట్-బిట్‌కి మారుస్తాయి, మూడోది దాన్నే మళ్ళీ చెబుతుంది. కిందిసగం కోసం చూస్తుంటే మొదటి 3 పాత సగంతో అతుక్కుంటుంది, తరవాతి రెండూ కలిసి 0x33 అవుతాయి. ఏ దారిన వచ్చినా మూడో 3 దగ్గర ఎయిట్-బిట్‌లో కలుస్తాం. అప్పుడే 2 ఫోర్-బిట్‌కి తెస్తుంది. ఆ 2తో కింది బిట్లు వెళ్ళవు కనుక, రెండు వరసలు కావాలని చెప్పే 0x28 పూర్తిగా పంపాల్సిందే.

ఇక ఆగే సమయాలు. తెర తుడుస్తూ 0x01లో పైసగం 0 మాత్రమే వెళ్ళాక రీసెట్ అయిందనుకోండి. మొదటి 3తో అది 0x03, అంటే హోమ్ ఆదేశం అవుతుంది. దానికి మామూలుగా 1.52 మిల్లీసెకన్లు పడుతుంది. చిప్ లోపలి ఆసిలేటర్ 270 కిలోహెర్ట్జ్ బదులు 190 దగ్గర నడిస్తే 2.2 దాకా పోతుంది. ఆ మధ్యలో రెండో 3 పంపితే అది అందుతుందన్న నమ్మకం లేదు, మన లెక్క తప్పుతుంది. డేటాషీట్ అక్కడ 4.1 మిల్లీసెకన్లు ఆగమనేది అందుకు సరిపోతుంది. రెండో 3 తరవాత 100 మైక్రోసెకన్లు చాలు. మొదట్లో 40 మిల్లీసెకన్లు సప్లై నిలకడకి. మూడో 3 ముగిసేదాకా ఎల్‌సీడీ పని అయిందో లేదో చెప్పే బిజీ ఫ్లాగ్ చదవడానికి వీల్లేదు, పైగా మన ఆర్‌డబ్ల్యూ గ్రౌండుకి కలిపి ఉంది, అందుకే గడియారం మీదే ఆధారపడతాం.

పై వరసలో నల్ల గళ్ళు మాత్రమే కనిపిస్తే కరెంటు, కాంట్రాస్టు ఉన్నాయి, ఇనిషియలైజేషన్ అందలేదని అర్థం. అసలు ఏమీ లేకపోతే ముందు కాంట్రాస్టు పొటెన్షియోమీటర్ తిప్పండి.

బోర్డు మిల్లుకి పంపేముందు డిస్‌ప్లే మీద అంకెలు ఆగకుండా మారుతుండగా, కరెంటు తీయకుండా, రీసెట్ బటన్‌ను ఎప్పుడంటే అప్పుడు నొక్కుతూ పోండి. ప్రతిసారీ తెర శుభ్రంగా రావాలి. ఒక్కసారి పిచ్చి గుర్తులు పడ్డా మొదటి 3 తరవాత ఆగే సమయం చూడండి. అది సరిగానే ఉంటే ఎనేబుల్ తీగ మోటారు తీగల పక్కనుంచి పోతోందేమో చూడండి. అక్కడ పుట్టే ఒక్క దొంగ పల్సు నిబుళ్ళ జత తప్పించగలదు, దానికి ప్రోగ్రాంలో మందు అప్పుడప్పుడూ ఇదే వరసను తిరిగి నడపడమే.