డేటా ముందా, థియరీ ముందా? హాస్పిటల్ వార్డుల్లో పుట్టిన గ్రౌండెడ్ థియరీ కథ

సందీప్: అందరికీ నమస్తే. ఈరోజు మనతో మాధవి అక్క ఉన్నారు, సోషియాలజీలో పీహెచ్‌డీ, రీసెర్చ్ మెథడ్స్ పాఠాలు చెప్తారు. అక్కా, నేను ఎంబీఏ బ్యాచ్, నాకు తెలిసిన రీసెర్చ్ ఒక్కటే, పుస్తకంలోంచి ఏదో థియరీ తీసుకోవడం, అందులోంచి ఒక హైపోథిసిస్, అంటే పరీక్షించి చూసే ఊహ, రాసుకోవడం, గూగుల్ ఫామ్ అందరికీ వాట్సాప్ చెయ్యడం, ఫలితం యాదృచ్ఛికంగానే వచ్చి ఉండొచ్చా అని చూసే పీ వాల్యూ 0.05 కన్నా తక్కువ వస్తే పార్టీ చేసుకోవడం.

మాధవి: రాకపోతే ఫామ్ ఇంకో ఇరవై మందికి పంపడం, అది కూడా చెప్పు.

సందీప్: అది ఆన్ రికార్డ్ వద్దులే అక్కా. మరి గ్రౌండెడ్ థియరీ అంటే ఏంటి, హైపోథిసిస్ లేకుండా వెళ్ళిపోవడమేనా?

మాధవి: హైపోథిసిస్ లేకుండా వెళ్ళడం వరకూ కరెక్టే గానీ, అంతే అనుకుంటే తప్పు. థియరీని ముందే తీసుకెళ్ళకుండా, పోగేసిన డేటాలోంచే పద్ధతిగా కట్టుకుంటూ రావడం అది. మిగతా డెఫినిషన్ పక్కన పెట్టి అది పుట్టిన చోటికే వెళ్దాం. 1960ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆరు హాస్పిటళ్ళలో ఇద్దరు సోషియాలజిస్టులు, బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్, చనిపోబోయే పేషెంట్ల చుట్టూ ఏం జరుగుతోందో చూస్తూ కూర్చున్నారు. అప్పటి అమెరికా ఎలా ఉండేదంటే, 1961లో చికాగోలో ఒక హాస్పిటల్లో 219 మంది డాక్టర్లని అడిగితే దాదాపు 90 శాతం మంది క్యాన్సర్ అని పేషెంట్‌కి చెప్పకపోవడమే మంచిదన్నారు.

సందీప్: అమెరికాలోనా! అది మన ఊళ్ళో విషయం అనుకున్నానే.

మాధవి: దానికి చివర్లో వద్దాం. ముందు నువ్వు ఆ రోజుల్లో ఆ హాస్పిటల్లో నీ ఎంబీఏ పద్ధతిలో స్టడీ చెయ్యాలి అనుకో. ఏం రాస్తావ్?

సందీప్: ఊఁ... జబ్బు సంగతి తెలిసిన పేషెంట్లకి తెలియని వాళ్ళ కన్నా ఆందోళన ఎక్కువ ఉంటుంది. తెలిసిందా లేదా అనేది ఒక వేరియబుల్, ఆందోళన స్కోరు ఇంకోటి, రెండు గ్రూపుల సగటు పోల్చేస్తా.

మాధవి: బానే ఉంది. తెలిసిందా లేదా అని ఎలా కొలుస్తావ్? పేషెంట్ దగ్గరికెళ్ళి "మీరు చనిపోతున్నారని మీకు తెలుసా" అని అడిగితే ఆ ప్రశ్నతోనే చెప్పేసినట్టు అయిపోతుంది కదా.

సందీప్: అయ్యో, అవును. అయితే డాక్టర్ని అడుగుతా, మీరు చెప్పారా లేదా అని.

మాధవి: ఇక్కడే అసలు సంగతి ఉంది. గ్లేజర్, స్ట్రాస్ వార్డులో కూర్చుని చూస్తే తెలియడం అనేది అవును, కాదు అనే రెండు గడుల్లో ఇమడలేదు. కొంతమందికి నిజంగానే తెలియదు, స్టాఫ్‌కి మాత్రం తెలుసు, దాన్ని క్లోజ్డ్ అవేర్‌నెస్ అన్నారు. కొంతమందికి అనుమానం, నర్సు మొహం చూస్తూ, మాటల్లో పెట్టి కూపీ లాగుతూ ఉంటారు. ఇంకొంతమందికి తెలుసు, స్టాఫ్‌కీ తెలుసు, ఒకరికి తెలుసని ఇంకొకరికీ తెలుసు, కానీ ఇద్దరూ తెలియనట్టే నటిస్తారు. వాతావరణం, టీవీ, తిండి, నిద్ర, ఇలాంటి సేఫ్ టాపిక్స్ మీదే మాట్లాడుకుంటారు, ఎవరైనా పొరపాటున నోరు జారితే రెండోవాళ్ళు విననట్టు సర్దేస్తారు. నాలుగోది అందరూ ఓపెన్‌గా మాట్లాడుకునే స్థితి. ఇప్పుడు నీ స్టడీలో డాక్టర్ చెప్పలేదు అన్న గ్రూపులో ఎవరెవరు పడతారు చూడు.

సందీప్: నిజంగా తెలియనివాళ్ళు, అనుమానం ఉన్నవాళ్ళు, తెలిసి నటించేవాళ్ళు... మూడు రకాలూ ఒకే డబ్బాలో పడతారు.

మాధవి: వాళ్ళలో ఒకళ్ళు ప్రశాంతంగా ఉంటారేమో, ఒకళ్ళు రాత్రంతా నిద్రపోరేమో, అన్నీ కలిపి సగటు తీస్తే రెండు గ్రూపులకీ తేడా లేదని రావచ్చు. అప్పుడు నువ్వు థియరీ తప్పు అని రాస్తావ్. తప్పు థియరీది కాదు, నువ్వు ఇంట్లో కూర్చుని గీసుకెళ్ళిన గడులది. పైగా ఆ విషయం నీ డేటాలోంచి నీకెప్పటికీ తెలియదు, ఎందుకంటే నీ ఫామ్‌లో నటన అనే గడే లేదు.

సందీప్: సరే, వాళ్ళకి ఆ నాలుగు రకాలు ఎలా దొరికాయి? ఊరికే కూర్చుని చూస్తే దొరికేస్తాయా?

మాధవి: లేదు, దానికి పద్ధతి ఉంది, రోజూ రాసిన నోట్స్‌ని ముక్కలు ముక్కలుగా చూస్తారు. అదే స్టడీలోంచి ఇంకో ఉదాహరణ చెప్తా. పేషెంట్ చనిపోయాక నర్సులు అనే మాటలు నోట్ చేశారు. ఒకరి గురించి ఎంత చిన్నవాడో అన్నారు, ఇంకొకరి గురించి డాక్టర్ కావాల్సినవాడు, మరొకావిడ గురించి నిండు జీవితం చూసింది, మరో తల్లి గురించి ఆ పిల్లలు ఏమైపోతారో అని. ఒక్కో మాటకీ ఒక చిన్న పేరు పెడతారు, అదే కోడ్. మామూలుగా చేసేవాళ్ళు ఇక్కడ దుఃఖం అని ఒక కోడ్ పెట్టేసి అయిపోయింది అనుకుంటారు.

సందీప్: నేనైతే అదే పెడతా.

మాధవి: చూడు, ఆ మాటల్లో వయసు ఉంది, చదువు ఉంది, కుటుంబ బాధ్యత ఉంది. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చితే నర్సులు ఈ మనిషి పోతే లోకానికి ఎంత నష్టం అని మనసులో లెక్క వేస్తున్నారని కనిపించింది. దానికి సోషల్ లాస్ అని పేరు పెట్టారు, ఇలా కోడ్‌లని పోల్చగా తేలే పెద్ద ఐడియానే కేటగిరీ అంటారు. వెంటనే తర్వాతి ప్రశ్న, ఆ లెక్కని బట్టి నర్సింగ్ మారుతోందా అని, మళ్ళీ నోట్స్‌లోకి వెళ్ళి చూస్తే మారుతోంది, ఎక్కువ నష్టం అనుకున్న పేషెంట్ దగ్గర ఎక్కువ శ్రద్ధ కనిపిస్తోంది. ఇంకా చూస్తే, నర్సు తన నిబ్బరం పోకుండా ఉండటానికి బతికినా బాధపడేవాడేగా లాంటి సమర్థనలు తనకి తనే చెప్పుకుంటోంది. ఇలా ప్రతి కొత్త సంఘటననీ అదే కోడ్‌లో ఉన్న పాత సంఘటనలతో పోల్చుతూ పోవడమే కాన్‌స్టంట్ కంపారిజన్. పోల్చేటప్పుడు బుర్రలో ఏదైనా మెరిస్తే కోడింగ్ ఆపేసి ఆ ఆలోచనని నోట్‌గా రాసుకోవాలి, దాన్నే మెమో అంటారు, రేపు రాద్దాం అనుకుంటే పోతుంది అది.

సందీప్: శాంపిల్ మాటేంటి అక్కా? మాకు మొదటి క్లాసులోనే చెప్పారు, శాంపిల్ సైజు ముందే లెక్క వేసుకో, ర్యాండమ్‌గా తీసుకో, మధ్యలో మార్చకు అని.

మాధవి: టెస్టింగ్‌కి అది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్, మధ్యలో మారిస్తే మోసం. ఇక్కడ పూర్తిగా ఉల్టా, మార్చకపోతేనే తప్పు. వాళ్ళు ముందు పేషెంట్‌కి తెలిసే అవకాశమే తక్కువ ఉన్న చోటికి వెళ్ళారు, నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల వార్డు, ఆ తర్వాత న్యూరోసర్జరీ, అక్కడ చాలామంది కోమాలో ఉంటారు కదా. తర్వాత చావు త్వరగా వచ్చే, స్టాఫ్ ముందే ఊహించే చోటు, ఐసీయూ. తర్వాత చావు నెమ్మదిగా వచ్చే, స్టాఫ్‌కి తెలిసినా పేషెంట్‌కి తెలియొచ్చు తెలియకపోవచ్చు అనే చోటు, క్యాన్సర్ వార్డు. ఆ తర్వాత ఎవరూ ఊహించకుండా ఠక్కున జరిగే చోటు, ఎమర్జెన్సీ. అంటే తర్వాత ఎక్కడికి వెళ్ళాలో ఇప్పటిదాకా తయారైన ఐడియానే చెప్తుంది. దీన్నే థియరిటికల్ శాంప్లింగ్ అంటారు. జనాభాకి ప్రతినిధులు కావాలని కాదు, ఆ ఐడియా ఏ పరిస్థితిలో మారుతుందో చూడాలని.

సందీప్: ఎప్పుడు ఆపాలి మరి?

మాధవి: కొత్త వార్డుకి వెళ్ళినా ఆ కేటగిరీ గురించి కొత్త లక్షణం ఏదీ దొరకనప్పుడు, అదే శాచురేషన్. థీసిసుల్లో దీనికే ఎక్కువ అన్యాయం జరుగుతుంది, పన్నెండు ఇంటర్వ్యూలు చేశాం, శాచురేషన్ వచ్చింది, చాప్టర్ క్లోజ్. ఏ కేటగిరీకి వచ్చింది, దేనితో పోల్చాక వచ్చింది అని అడిగితే సమాధానం ఉండదు.

సందీప్: వైవాలో కూర్చున్నప్పుడు దొంగ గ్రౌండెడ్ థియరీని ఎలా పట్టుకుంటారు?

మాధవి: మొదటి ఇంటర్వ్యూ ప్రశ్నలు, చివరి ఇంటర్వ్యూ ప్రశ్నలు పక్కపక్కన పెట్టమంటా. రెండూ ఒకటే ఉంటే విశ్లేషణ అంతా డేటా మొత్తం పోగేశాక చేశారని అర్థం. అది డేటాలోంచి ముఖ్యాంశాలు ఏరి చూపించే మంచి థీమాటిక్ స్టడీ అవ్వొచ్చు, కానీ గ్రౌండెడ్ థియరీ కాదు. తేదీలతో మెమోలు చూపించమంటా. ఫలితాల్లో ఆర్థిక సమస్యలు, కుటుంబ సమస్యలు, మానసిక సమస్యలు అని మూడు హెడ్డింగులు కనిపిస్తే అవి ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నవే అని అనుమానం, ఏ పరిస్థితిలో ఎవరు ఏం చేస్తే ఏమవుతోంది అనే కదలిక లేకపోతే అది థియరీ ఎలా అవుతుంది?

సందీప్: ఒక డౌట్ అక్కా. మనిషి బుర్ర ఖాళీగా ఉండదు కదా, ఎంతోకొంత చదువుకునే వెళ్తాం. గ్లేజర్, స్ట్రాస్ కూడా ఖాళీ బుర్రతో వెళ్ళి ఉండరు.

మాధవి: ఈ విషయం మీదే తర్వాత ఇద్దరికీ చెడింది. 1967లో కలిసి మెథడ్ మీద పుస్తకం రాశారు, 1990లో స్ట్రాస్, నర్సింగ్ పరిశోధకురాలు జూలియెట్ కార్బిన్‌తో కలిసి కోడింగ్‌కి ఒక చట్రం ఇచ్చాడు, కారణాలు, సందర్భం, వ్యూహాలు, పర్యవసానాలు ఇలా వెతకండి అని. 1992లో గ్లేజర్ దాని మీద ఒక పుస్తకమే రాసి విరుచుకుపడ్డాడు, ఇది డేటాలోంచి రావడం కాదు, డేటా మీద రుద్దడం అని. నేను స్ట్రాస్ వైపే కొంచెం మొగ్గుతా, కొత్తవాళ్ళకి ఏదో ఒక పట్టు కావాలి. కానీ ఆ చట్రాన్ని ఫామ్ నింపినట్టు నింపే థీసిసులు చూసినప్పుడు గ్లేజర్ గుర్తొస్తాడు.

సందీప్: మొత్తానికి మా హైపోథిసిస్ టెస్టింగ్ వేస్టు అంటారు.

మాధవి: అలా అన్నానా? ఆ నాలుగు రకాల్లో ఎక్కువమంది పేషెంట్లు ఏ రకంలో ఉన్నారు అని అడుగు, గ్రౌండెడ్ థియరీ చెప్పలేదు, దాని శాంపిల్ దానికోసం కాదు. నటించే స్థితిలో ఉన్నవాళ్ళకి ఆందోళన ఎక్కువా అంటే, ఉండొచ్చు అని మాత్రమే అంటుంది. అది తేలాలంటే నీ పద్ధతే కావాలి, కాకపోతే ఈసారి రెండు గడులు కాదు, నాలుగు. ఇంకో కండిషన్, కొత్త హాస్పిటల్, కొత్త పేషెంట్లు. ఏ నోట్స్‌లోంచి ఐడియా తీశావో అదే నోట్స్‌తో దాన్ని నిరూపిస్తే అది టెస్ట్ కాదు, ఫెయిలయ్యే ఛాన్సే లేదు కదా దానికి. నీ ఎంబీఏ వాళ్ళు చేసే ఇంకో పని, డేటా చూశాక హైపోథిసిస్ రాసి ముందే అనుకున్నట్టు పేపర్లో పెట్టడం, దాందీ ఇదే రోగం.

సందీప్: మళ్ళీ నా మీదకే వచ్చారు. సరే, మన దగ్గర సంగతి చివర్లో అన్నారు.

మాధవి: ఆ, పేషెంట్‌కి తెలియకుండా ఉండటానికి వాళ్ళు కొన్ని పరిస్థితులు చూపించారు. పేషెంట్‌కి లక్షణాలు చదవడం రాదు, డాక్టర్ చెప్పడు, ఇంట్లోవాళ్ళు చెప్పరు, రికార్డులు పేషెంట్ చేతికి అందవు, బయటపెట్టే తోడు ఎవరూ ఉండరు. మన దగ్గర చాలాచోట్ల రిపోర్టులు, స్కానింగులు అన్నీ ఇంట్లోవాళ్ళ సంచిలోనే ఉంటాయి, నాన్నకి చెప్పకండి సార్ అని డాక్టర్‌తో ముందే అనేది కొడుకే. అంటే గుట్టు కాపాడేది హాస్పిటల్ కన్నా కుటుంబం. ఇంకా గమ్మత్తు, ఆ నాన్నని తీసుకెళ్ళేది గేటు మీద క్యాన్సర్ హాస్పిటల్ అని రాసి ఉన్న చోటికే.

సందీప్: అయినా గ్యాస్ ప్రాబ్లమ్ అనే చెప్తారు, ఆయన కూడా ఊఁ అంటాడు.

మాధవి: అది క్లోజ్డా, నటనా, ఐదో రకమా? ఇక్కడ థియరీ ఫెయిల్, పాస్ అని తేల్చరు, కొత్త పరిస్థితి చేర్చి సరిదిద్దుతారు. నేనైతే ముందు బోర్డు మీద ఆ పేరున్న హాస్పిటల్లో కొంతకాలం కూర్చుంటా, తర్వాత జనరల్ హాస్పిటల్లో ఉన్న క్యాన్సర్ వార్డుకి వెళ్తా, ఆ బోర్డు లేని చోట ఆ ఊఁ ఎలా ఉంటుందో చూడాలి. ఆ తర్వాత సంచి మోయడానికి ఎవరూ లేక ఒంటరిగా వచ్చి, రిపోర్టు తనే చేత్తో పట్టుకున్న పేషెంట్ దగ్గరికి.