మూడు నిమిషాల్లో ఒక బజ్జీల బండి కథ

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్ కాలేజీల్లో స్టార్టప్ పోటీలకు సిద్ధమవుతున్న పిల్లలకు, వాళ్ల మాట ముందుగా వినిపెట్టే ఇంట్లోవాళ్లకు ఈ పూట ప్రసంగం. వేదిక మీద మూడు నిమిషాలే ఇస్తారు. తొందరపడకుండా మాట్లాడితే నిమిషానికి సుమారు వంద మాటలు పలుకుతాం. కాబట్టి మొత్తం 300 మాటలు. అందులోనే సమస్య చెప్పాలి, పరిష్కారం చెప్పాలి, ఏం కావాలో అడగాలి. నేనైతే 250 మాటలు రాసుకుని మిగిలిన సమయాన్ని ఊపిరికి వదిలేయమంటాను.

ఒక జట్టును ఊహించుకుందాం. దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం బజ్జీల బండ్ల దగ్గర కాగి కాగి నల్లబడిన నూనె గురించి వాళ్ల ఆలోచన. ఇందులో వచ్చే రేట్లు, ఖర్చులు నేను ఉదాహరణకు వేసుకున్నవి. నిజంగా పోటీకి వెళ్లేవాళ్లు బండి దగ్గర అడిగి, దుకాణంలో కొటేషన్ తీసుకుని తమ లెక్క తామే వేసుకోవాలి.

చాలామంది పిల్లలు సమస్యను దేశం మొత్తం నుంచి మొదలుపెడతారు. ఎన్ని కోట్ల మంది, ఎంత పెద్ద మార్కెట్ అని. వినేవాళ్లకు ఆ అంకెల్లో మనిషి కనిపించడు. మన జట్టు ఇలా మొదలుపెట్టాలి:

"దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అన్న రోజూ సాయంత్రం మిర్చీ బజ్జీలు వేస్తాడు. రాత్రి బండి కట్టేసేటప్పుడు కడాయిలో రెండు లీటర్ల నూనె మిగులుతుంది. పారబోస్తే నష్టం. అందుకే రేపు దాంట్లోనే కొత్త నూనె కలుపుతాడు, లేదా పాత నూనె కొనేవాళ్లకు అమ్ముతాడు. వాళ్లు దాన్ని ఎక్కడికి తీసుకెళ్తారో ఆయన అడగడు. అది మళ్లీ ఇంకో కడాయిలోకి చేరవచ్చు. నూనెను పదేపదే కాచేకొద్దీ అది చెడిపోయి, పోలార్ పదార్థాలు అనేవి అందులో పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. రోజుకు 50 లీటర్లకు మించి వాడే పెద్ద వంటశాలలు వాడిన నూనెకు లెక్క రాయాలి. ఈ అన్న ఆ లెక్కలోకి రాడు."

గమనించండి, ఇందులో నేరస్థుడు లేడు. బండి యజమానిని దొంగలా చూపించిన జట్టు తనకు నూనె అమ్మేవాణ్ణే తిట్టినట్టు. పైగా ఆ చివరి వాక్యం చాలా పని చేస్తుంది. పెద్ద హోటళ్లను వదిలి చిన్న బండ్ల దగ్గరికే ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఈ భాగం కుదిరిందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. అమ్మకో అమ్మమ్మకో ఒక్కసారి చదివి వినిపించి, ఏం అర్థమైందో చెప్పమనండి. "బజ్జీల అతని దగ్గర రోజూ రెండు లీటర్లు మిగులుతోంది, దానికి మంచి దారి లేదు" అంటే కుదిరినట్టే. "ఆరోగ్యం గురించి ఏదో చెప్పావు" అంటే మళ్లీ రాయాలి.

ఇక పరిష్కారం. ఇక్కడ యాప్ గురించి మాట్లాడాలని పిల్లల నాలుక దురదపెడుతుంది. ఆపుకోవాలి. సాయంత్రం ఎవరు వస్తారు, చేతిలో ఏముంటుంది, డబ్బు ఎటు నుంచి ఎటు పోతుంది, ఇవి చెప్పాలి:

"మా మనిషి మీటర్ పట్టుకుని బండి దగ్గరికి వెళ్తాడు. దాని కొనను కడాయిలో ముంచితే పోలార్ పదార్థాల శాతం తెర మీద కనిపిస్తుంది. 25 దాటితే ఆ నూనెను లీటరు 30 రూపాయలకు మేమే కొంటాం. దాటకపోతే, ఇంకా వాడుకో అన్నా అని చెప్పి వెళ్లిపోతాం. కొన్న నూనెను డ్రమ్ముల్లో నింపి, బయోడీజిల్ తయారీకి పంపే అధీకృత సేకరణ సంస్థకు 45 రూపాయలకు ఇస్తాం. బయోడీజిల్ మేం తయారుచేయం. అందులో మెథనాల్ వాడాలి, దానికి మంటలంటుకునే ప్రమాదం ఉంది, అది ఫ్యాక్టరీ పని. లీటరుకు మాకు మిగిలేది 15 రూపాయలు. ఆటోకు, డ్రైవరుకు రోజుకు 900 అవుతుంది. అంటే రోజుకు 60 లీటర్లు, 25 దాటిన నూనె ఉన్న 30 బండ్లు దొరికితే ఆటో ఖర్చు వస్తుంది. 20 బండ్ల దగ్గరే ఆగిపోతే రోజుకు 300 రూపాయలు పోగొట్టుకుంటాం."

నష్టం ఎక్కడ వస్తుందో తామే చెప్పడం నాకు చాలా ఇష్టమైన చోటు. జడ్జీలు మనసులో వేసుకునే లెక్కను విద్యార్థి గట్టిగా పలికితే, వాళ్లు తప్పు వెతకడం మాని దారి వెతకడం మొదలుపెడతారు. "ఇంకా వాడుకో అన్నా" అన్న మాట కూడా అలంకారం కాదు. మీటర్ పట్టుకున్నవాడు ప్రతిసారీ నూనె పారేయమంటే, బండి అన్న రెండో వారం నుంచి దగ్గరికి రానివ్వడు.

చివరిది అడగడం. "మీ సహకారం కావాలి" అంటే ఎవరూ ఏమీ ఇవ్వలేరు. ఎంత కావాలి, దేనికి, ఎప్పటికి ఏం తేలుతుంది అన్నవి ఒకదాని వెంట ఒకటి రావాలి:

"మూడు నెలల ట్రయల్‌కు మాకు 1,60,000 రూపాయలు కావాలి. రెండు మీటర్లకు 80,000, డ్రమ్ములకు, డబ్బాలకు 20,000. 30 బండ్లు కుదిరేదాకా, అంటే మొదటి 45 రోజుల ఆటోకు 40,500. నూనె కొనడానికి చేతిలో 15,000. మిగిలిన 4,500 రిపేర్లకు. దీంతోపాటు ఒక సేకరణ సంస్థకు మమ్మల్ని పరిచయం చేయండి. మూడు నెలలూ 45 రూపాయల రేటు ఇస్తామని వాళ్లు రాసిస్తే చాలు. 45వ రోజుకు 30 బండ్లు రాకపోతే ఆటో ఆపేసి, ఎందుకు రాలేదో మీకు రాసిస్తాం."

ఇక్కడితో ఆపేయాలి. ధన్యవాదాల తర్వాత ఇంకో స్లైడు వద్దు.

ప్రశ్నల సమయంలో తప్పకుండా వచ్చేది ఒకటుంది. ఇప్పుడు పాత నూనె కొనేవాళ్లు ఐదు రూపాయలు ఎక్కువ ఇస్తే ఏం చేస్తారు? మన జట్టు చేతిలో ఆ లెక్క కూడా ఉండాలి. 35కి కొంటే మిగిలేది లీటరుకు 10 రూపాయలు. 900 రావాలంటే 90 లీటర్లు, అంటే 45 బండ్లు. ఒకే ఆటో ఒక సాయంత్రంలో అన్ని బండ్ల దగ్గర ఆగి, మీటర్ ముంచి, కొలిచి, డబ్బులిచ్చి రాగలదా? కాగితం మీద ఇది తేలదు. "మొదటి నెలలో ఒక్కో బండి దగ్గర ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకుంటాం సార్, ఈ ట్రయల్ అడిగింది అందుకే" అని విద్యార్థి చెప్పగలిగితే ఆ జవాబు సరిపోతుంది.