వర్షమాపకం చెప్పిన లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

నిలువుగా పాతిన ఒక స్తంభం. దాని మీద గుండ్రటి పాత్ర, పాత్ర నోట్లో ఒక గరాటు. గరాటు కింద తూగుడు బల్లలా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న దొన్నెలు ఉంటాయి. వాన నీరు ఒక దొన్నెలో నిండగానే అది ఒరిగి నీళ్లు పారబోస్తుంది, రెండోది గరాటు కిందికి వస్తుంది. ఒక్కో ఒరుగుడికి ఇన్ని మిల్లీమీటర్లని ముందే లెక్క కట్టి ఉంటుంది. చాలా పరికరాల్లో అది అర మిల్లీమీటరో, అంతకన్నా తక్కువో. స్వయంచాలిత వాతావరణ కేంద్రాల్లో వాన కొలిచే సాధనం సాధారణంగా ఇదే. వాతావరణ ఆధారిత పంటల బీమాలో రైతుకు డబ్బు రావాలా వద్దా అన్నది తేల్చేది పొలం కాదు, ఈ దొన్నెలు.

మామూలు పంటల బీమాలో నష్టం చూడటానికి మనుషులు పొలానికి రావాలి. ఎంచుకున్న మడుల్లో పంట కోసి, నూర్చి, తూకం వేస్తారు. వీటినే పంట కోత ప్రయోగాలు అంటారు. వేల పొలాలకు ఈ పని చేయాలంటే ఖర్చు ఎక్కువ, సమయం ఎక్కువ, తూకం మీద తగాదాలూ ఎక్కువ. వాన లెక్కలో ఈ బాధ లేదు. కేంద్రంలో నమోదైన అంకె రైతుకూ కంపెనీకీ ఒక్కటే, దాన్ని ఇద్దరిలో ఎవరూ మార్చలేరు. ఇంకో సంగతి, పంట పాడైతేనే డబ్బు వస్తుందన్న షరతు లేదు కాబట్టి రైతు ఉన్న పంటను శ్రద్ధగా కాపాడుకున్నా పరిహారం తగ్గదు. ఇది నాకు బాగా నచ్చే గుణం.

మన దేశంలో ఈ బీమాను 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతుల కోసం ప్రయోగంగా మొదలుపెట్టారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడ అమ్మిన ఒప్పందాల్లో రెండు చిన్న నియమాలు కనిపిస్తాయి. రోజుకు 2 మిల్లీమీటర్ల లోపు కురిస్తే ఆ వానను లెక్కలోకి తీసుకోరు. ఒక్క రోజులో 60 మిల్లీమీటర్లు దాటితే 60 మాత్రమే లెక్కలో వేస్తారు. ఎందుకు? చిరుజల్లు నేల పైపొర తడిసేలోపే ఆవిరైపోతుంది. కుంభవృష్టిలో ఎక్కువ భాగం వాగుల పాలవుతుంది. వేరుకు అందే నీటికి లెక్క దగ్గరగా ఉండాలని ఈ ఏర్పాటు.

ఒక ఉదాహరణ వేసుకుందాం. అంకెలు నేను పెట్టినవి, లెక్క కట్టే పద్ధతి మాత్రం అసలైనదే. పంట కాలాన్ని విత్తే దశ, పూత దశ, కోత దశ అని విడగొడతారు. మనం పూత దశను తీసుకుందాం, 35 రోజులు. ఆ రోజుల్లో 100 మిల్లీమీటర్ల వాన పడాలి. అంతకు తగ్గితే పరిహారం మొదలవుతుంది, ఈ హద్దునే ట్రిగ్గర్ అంటారు. తగ్గిన ప్రతి మిల్లీమీటరుకూ 100 రూపాయలు. వాన 40 మిల్లీమీటర్లకో, అంతకంటే దిగువకో పడిపోతే ఆ దశకు గరిష్ఠ మొత్తం, అంటే 6,000 ఇచ్చేస్తారు.

ఇప్పుడు కేంద్రం రికార్డు చూద్దాం. ఆ 35 రోజుల్లో ఒక రోజు 9 మిల్లీమీటర్లు, మరో రోజు 14, ఒక రాత్రి ఏకంగా 90, నాలుగు రోజులు ఒక్కొక్కటిన్నర చొప్పున జల్లులు. అన్నీ కలిపితే 119. ఈ లెక్కన వాన సరిపోయింది, పరిహారం లేదు. కాని నియమాలు వర్తింపజేస్తే జల్లులు పోతాయి, 90 కాస్తా 60 అవుతుంది. 9, 14, 60 కలిపి 83. ట్రిగ్గర్‌కు 17 తక్కువ. కాబట్టి రైతుకు 1,700 రూపాయలు వస్తాయి. ఎవరూ దరఖాస్తు పెట్టలేదు, ఎవరూ పొలం గట్టున నిలబడి నష్టం అంచనా వేయలేదు.

ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు అదే కేంద్రానికి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న పొలానికి వెళ్దాం. ఆ రాత్రి మేఘం అటు రాలేదు. అక్కడ లెక్కకు వచ్చే వాన 9, 14 కలిపి 23 మిల్లీమీటర్లే. పూత రాలిపోయింది. తన పొలంలో కొలిచి ఉంటే ఆ రైతుకు 6,000 అందేది. కాని ఒప్పందం కేంద్రం మాటే వింటుంది, ఆయనకూ 1,700 మాత్రమే వస్తాయి. పొలంలో జరిగినదానికీ సూచీ, అంటే కేంద్రంలో నమోదైన వాన లెక్క, చూపినదానికీ మధ్య ఉండే ఈ ఎడాన్ని బీమా రంగంలో బేసిస్ రిస్క్ అంటారు. ఉరుములతో కురిసే వాన పక్క ఊరికి దక్కి మనకు దక్కకపోవడం అందరూ చూసిందే. అందుకే కేంద్రం ఎంత దూరమన్న సంగతి పాలసీ కాగితంలో మొదటి వరుసలోనే ఉండాలని నా అభిప్రాయం.

దూరం ఒక్కటే కాదు, లెక్క కట్టే తీరులోనూ ఎడం పుడుతుంది. మన ఉదాహరణలో ఆ పెద్ద వాన మొదటి వారంలోనే కురిసి, ఆ తర్వాత ఇరవై రెండు రోజులు ఎండ కాసిందనుకోండి. మొత్తం 83 అలాగే ఉంటుంది, చెట్టు మాత్రం వడలిపోతుంది. అందుకని కొన్ని ఒప్పందాల్లో మొత్తం వానతో పాటు వరుసగా ఎన్ని రోజులు పొడిగా గడిచాయో కూడా లెక్కిస్తారు. పురుగు తినేసినా, ఎగువ నుంచి వరద వచ్చి చేను మునిగినా వాన సూచీకి ఏమీ తెలియదు.

లెక్కలో చేసిన ఒక ఊహ ఎంత పని చేస్తుందో మలావీ దేశంలో తేలింది. అక్కడి ప్రభుత్వం ఆఫ్రికన్ రిస్క్ కెపాసిటీ అనే సంస్థ నుంచి కరవు బీమా తీసుకుంది. ఉపగ్రహాల వాన వివరాలతో నష్టాన్ని అంచనా వేసే పద్ధతి అది. 2015–16లో తీవ్రమైన కరవు వచ్చినా, పరిహారం ఇవ్వాల్సినంత నష్టం లేదని మొదట లెక్క తేలింది. ఆరా తీస్తే, చాలామంది రైతులు తక్కువ రోజుల్లో కోతకు వచ్చే మొక్కజొన్న వేశారని, లెక్కలో మాత్రం ఎక్కువ రోజుల రకాన్ని తీసుకున్నారని బయటపడింది. రకాల పంట కాలం వేరైతే నీరు అత్యవసరమైన రోజులూ వేరవుతాయి. లెక్క సరిచేశాక దాదాపు 81 లక్షల డాలర్లు చెల్లించారు. అయితే ఆ డబ్బు చేతికొచ్చేసరికి చాలా నెలలు గడిచిపోయాయి.

ఇక ఆ దొన్నెల దగ్గరికి మళ్లీ వద్దాం. గరాటులో ఆకు పడినా, సాలెపురుగు గూడు కట్టినా నీరు ఆగి ఆగి దిగుతుంది, లేదా అసలు దిగదు. చుట్టుపక్కల కేంద్రాలన్నీ వాన చూపిస్తూ ఒక్కచోట వరుసగా సున్నాలు వస్తుంటే అనుమానించాలి. వాన వెలిసిన తర్వాత కూడా రోజుల తరబడి కొంచెం కొంచెం నమోదవుతుంటే మరీ అనుమానించాలి. ఒక కేంద్రం చెడితే ఏ కేంద్రం లెక్క తీసుకుంటారో కూడా ఒప్పందంలో ముందే రాసి ఉండాలి.

రైతు తన పొలంలో ఒక మామూలు వర్షమాపకం పెట్టుకుని, రోజూ ఒకే వేళకు చూసి రాసుకోవచ్చు. ఆ అంకెతో పరిహారం మారదు. కాని రెండు మూడు సీజన్ల పాటు తన అంకెనూ కేంద్రం అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ పాలసీ తన పొలానికి ఎంత దగ్గరో, ఎంత దూరమో తేలిపోతుంది. ప్రీమియం కట్టాలా వద్దా అన్న నిర్ణయం అప్పుడు ఆయన చేతిలో ఉంటుంది.

నమస్కారం.